కర్ణం మీది లంబం, రెండు ముక్కలు, వైశాల్యం: 12, 7 ఇస్తే 150 ఎలా వస్తుంది, 10, 6 ఇస్తే 30 ఎందుకు రాదు

ప్రశ్న: లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి గీసిన లంబం 12 సెం.మీ. దాంతో కర్ణం రెండు ముక్కలైంది, ఒక ముక్క రెండోదానికంటే 7 సెం.మీ. పెద్దది. వైశాల్యం కనుక్కోవాలి. h² = pq అని బట్టీ పట్టాను గానీ అది ఎందుకొస్తుందో, ఇక్కడ ఎలా వాడాలో తెలియట్లేదు. ఇంకో లెక్కలో కర్ణం 10, దాని మీద లంబం 6 అని ఇచ్చారు. ½ × 10 × 6 = 30 అని రాస్తే సార్ కొట్టేశారు. సూత్రం సరైనదే కదా, తప్పెక్కడ?

జవాబు:

మొదటి లెక్క జవాబు 150 చదరపు సెంటీమీటర్లు. రెండోదానికి జవాబే లేదు, అలాంటి లంబకోణ త్రిభుజం ఉండదు కాబట్టి. చూడ్డానికి వేర్వేరు లెక్కల్లా ఉన్నా రెండింటినీ తేల్చేది ఒకే సంబంధం. అది h² = pq లోంచే పుడుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

కర్ణం AB ని అడ్డంగా, కింద గీయండి. పైన C దగ్గర లంబకోణం. C నుంచి దించిన లంబం AB ని D దగ్గర తాకిందనుకోండి. AD = p, DB = q, CD = h, మొత్తం కర్ణం AB = c. చాలామంది అలవాటు కొద్దీ లంబకోణాన్ని కింద ఎడమ మూలలో పెట్టి కర్ణాన్ని ఏటవాలుగా గీస్తారు. అప్పుడు ఈ లంబం కూడా ఏటవాలుగా పడుతుంది, ఏ ముక్క ఏ భుజం పక్కన ఉందో కంటికి ఆనదు. ఈ రకం లెక్కల్లో కర్ణాన్ని నేలలా పరిస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు కోణాలు చూడండి. C దగ్గర 90° ఉంది కాబట్టి A, B కోణాలు కలిపితే 90°. ఎడమవైపు చిన్న త్రిభుజం ADC లో D దగ్గర 90° ఉంది. A కోణం పెద్ద త్రిభుజంలో ఎంతో ఇక్కడా అంతే. అందువల్ల దాని మూడో కోణం, అంటే C దగ్గరున్న ఎడమ భాగం, సరిగ్గా B కోణానికి సమానం. అదే లెక్కన కుడివైపు త్రిభుజంలో C దగ్గరి భాగం A కోణానికి సమానం. మూడు త్రిభుజాల్లోనూ కోణాలు అవే: A, B, 90°. కాబట్టి మూడూ సరూపాలు.

దీన్ని కాగితంతో చేసి చూస్తే మరచిపోవడం ఉండదు. ఒకే కొలతల లంబకోణ త్రిభుజాలు రెండు కత్తిరించి, ఒకదాన్ని లంబం వెంబడి రెండు ముక్కలు చేయండి. చిన్న ముక్కను పెద్ద త్రిభుజం మీద కోణానికి కోణం ఆనించబోతే కుదరదు. ముక్కను బోర్లా తిప్పాలి, అప్పుడు కుదురుతుంది. ఎందుకంటే చిన్నవి రెండూ పెద్దదానికి అద్దంలో ప్రతిబింబాల లాంటివి. కానీ చిన్నవి రెండింటి మధ్య ఆ తిప్పుడు అక్కర్లేదు. ఎడమ ముక్కను D దగ్గర వేలితో నొక్కిపట్టి 90° తిప్పండి. AD వెళ్లి CD మీద పడుతుంది, CD వెళ్లి DB మీద పడుతుంది. పొడవులు సమానం కావు, దిశలు మాత్రం కలుస్తాయి. అంటే ఎడమ త్రిభుజంలో p ఏ పాత్రలో ఉందో, కుడి త్రిభుజంలో h ఆ పాత్రలో ఉంది. ఎడమన h కి ఉన్న పాత్ర కుడిన q కి ఉంది. ఈ మాటను నిష్పత్తిగా రాస్తే:

h / p = q / h, అంటే h² = p × q

h రెండుసార్లు రావడానికి కారణం అది రెండు చిన్న త్రిభుజాలకూ ఉమ్మడి భుజం కావడమే. p చిన్న ముక్క అయితే, లంబకోణం కలిపే భుజాల్లో ఎడమవాడికి అది పెద్దది, కుడివాడికి చిన్నది. అందుకే దాన్ని p, q ల గుణమధ్యమం అంటారు.

ఇక మీ లెక్క. p చిన్న ముక్క అయితే q = p + 7. సూత్రంలో పెడితే p(p + 7) = 144, అంటే p² + 7p − 144 = 0. కారణాంకాలు (p + 16)(p − 9) = 0. p = 9, q = 16. కర్ణం 25. వైశాల్యం ½ × 25 × 12 = 150.

ఇక్కడ −16 ని కొట్టేస్తాం, పొడవు రుణం కాదు కాబట్టి. అయితే దాని వైపు ఒకసారి చూసి కొట్టేయండి. గుర్తు తీసేస్తే అది రెండో ముక్కే. మీ సమీకరణంలో కొట్టేసిన మూలం గుర్తు లేకుండా చూసినప్పుడు రెండో ముక్కతో సరిపోకపోతే కారణాంకాల దగ్గర పొరపాటు జరిగిందని వెంటనే తెలిసిపోతుంది.

ఇది నడిచే దారే, కానీ నేను ఇంకోటి సూచిస్తాను. వైశాల్యానికి మనకు p, q విడివిడిగా అక్కర్లేదు. వాటి మొత్తం ఉంటే చాలు, మొత్తమే కర్ణం. తేడా తెలుసు, లబ్ధం తెలుసు. మొత్తం కావాలంటే ఎనిమిదో తరగతి సర్వసమీకరణం ఒకటి చాలు:

(p + q)² = (q − p)² + 4pq

ఎడమవైపున్నది c². తేడాను d అనుకుంటే, pq స్థానంలో h² పెడితే:

c² = d² + (2h)²

మీ అంకెలతో c² = 49 + 576 = 625, c = 25. కారణాంకాల వెతుకులాట లేదు, రుణ మూలం గొడవ లేదు. p, q కూడా కావాలనుకుంటే (25 − 7)/2 = 9, (25 + 7)/2 = 16.

ఈ సంబంధం చూడగానే పైథాగరస్‌లా ఉందనిపిస్తే మీ కన్ను సరిగ్గానే పనిచేస్తోంది. ఇది నిజంగా ఒక లంబకోణ త్రిభుజమే, మీ బొమ్మలోనే దాగుంది. AB మధ్య బిందువు M గుర్తించి CM కలపండి. లంబకోణ త్రిభుజంలో కర్ణం మధ్య బిందువు మూడు శీర్షాలకూ సమాన దూరంలో ఉంటుంది, కాబట్టి CM = c/2, ఇక్కడ 12.5. D నుంచి M కి దూరం 12.5 − 9 = 3.5, అంటే తేడాలో సగం. CD ఎలాగూ 12. త్రిభుజం CDM లో D దగ్గర లంబకోణం: 3.5² + 12² = 12.25 + 144 = 156.25 = 12.5². దీన్ని రెండింతలు చేస్తే 7, 24, 25. పై సూత్రం చెప్పేది ఇదే.

మీ రెండో లెక్కకు జవాబు కూడా ఇక్కడే ఉంది. c = 10, h = 6 పెట్టండి. d² = 100 − 144 = −44. ముక్కల తేడా వర్గం రుణం కావడమంటే అలాంటి ముక్కలే లేవు. CDM త్రిభుజంలో CM కర్ణం, CD ఒక భుజం. భుజం కర్ణాన్ని మించదు కదా, కాబట్టి h ఎప్పుడూ c/2 కి మించదు. కర్ణం 10 అయితే లంబం 5 దాటే ప్రసక్తే లేదు.

నమ్మకం కుదరకపోతే వృత్తలేఖిని తీయండి. 10 సెం.మీ. గీత గీసి, దాని మధ్యలో ముల్లు పెట్టి, 5 సెం.మీ. తెరిచి పైకి అర్ధవృత్తం గీయండి. ఆ గీత కర్ణంగా ఉన్న ప్రతి లంబకోణ త్రిభుజం మూడో శీర్షమూ ఆ చాపం మీదే ఉండాలి. ఇప్పుడు కింది గీతకు 6 సెం.మీ. ఎత్తున సమాంతర రేఖ గీయండి. చాపం కొన 5 దగ్గరే ఆగిపోయింది, రేఖ దానికి ఒక సెంటీమీటరు పైనుంచి వెళ్లిపోతుంది. రెండూ ఎక్కడా తాకవు. ఎత్తు 4.8 దగ్గర గీస్తే రెండు చోట్ల ఖండిస్తుంది, అక్కడ వచ్చేది మనందరికీ తెలిసిన 6, 8, 10 త్రిభుజం. ఆ రెండు బిందువులూ కుడి ఎడమలు మారిన ఒకే త్రిభుజాన్ని ఇస్తాయి, అందుకే వైశాల్యం మారదు.

మరి ½ × భూమి × ఎత్తు సంగతి? ఆ సూత్రం నిజమే, భూమి 10, ఎత్తు 6 ఉన్న త్రిభుజాలు లెక్కలేనన్ని ఉన్నాయి, వాటన్నిటి వైశాల్యం 30. కానీ వాటిలో దేనికీ పై శీర్షం దగ్గర 90° ఉండదు. శీర్షం సరిగ్గా మధ్యకు పైన ఉన్నప్పుడు ఆ కోణం అన్నిటికంటే పెద్దది, అప్పుడు కూడా అది సుమారు 79.6° మాత్రమే. మీరు ‘10 కర్ణం’ అని ఇచ్చిన మాటను పక్కనపెట్టి గుణకారం చేశారు, సార్ కొట్టేసింది అందుకే. 10, 6 లను లంబకోణం కలిపే రెండు భుజాలుగా ఇచ్చి ఉంటే 30 రాసినందుకు పూర్తి మార్కులు వచ్చేవి. అప్పుడు కర్ణం √136, అంటే సుమారు 11.66, దాని మీది లంబం 60/√136, సుమారు 5.14. ఇది 11.66 లో సగంకంటే తక్కువే, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

అందుకని కర్ణం, లంబం రెండూ ఇచ్చిన లెక్కలో మొదట చేయాల్సింది లంబాన్ని రెట్టింపు చేసి కర్ణంతో పోల్చడం. రెట్టింపు ఎక్కువైతే ‘ఇలాంటి లంబకోణ త్రిభుజం లేదు’ అని కారణంతో రాయాలి. సమానమైతే అది సమద్విబాహు లంబకోణ త్రిభుజం, ముక్కలు సమానం. వైశాల్యం, కర్ణం ఇచ్చినా ఇదే పరీక్ష ఇంకో రూపంలో పనికొస్తుంది: వైశాల్యం c²/4 కి మించకూడదు. కర్ణం 10 అయితే గరిష్ఠం 25, కాబట్టి 30 అనగానే అనుమానం రావాలి. మీ మొదటి లెక్కలో లాగా లంబం, ముక్కల తేడా ఇస్తే మాత్రం ఈ భయం లేదు. d² + 4h² ఎప్పుడూ ధనమే, జవాబు తప్పకుండా ఉంటుంది.

150 సరైనదో కాదో సరిచూడటానికి భుజాలు కనుక్కోండి. ఇక్కడే ఎక్కువ మంది జారిపడతారు. పెద్ద త్రిభుజానికీ ఎడమ చిన్న త్రిభుజానికీ ఉన్న సరూపత నుంచి AC² = p × c వస్తుంది, కుడివైపు నుంచి BC² = q × c. భుజం వర్గం అంటే దాని పక్కనున్న ముక్క, మొత్తం కర్ణం, ఈ రెండింటి లబ్ధం. ఎదురుగా ఉన్న ముక్క కాదు, రెండు ముక్కల లబ్ధం కూడా కాదు. AC² = 9 × 25 = 225, AC = 15. BC² = 16 × 25 = 400, BC = 20. ½ × 15 × 20 = 150. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. ముక్కలను తారుమారు చేసి ఉంటే AC = 20 వచ్చేది, ½ × AC × BC అప్పుడూ 150 అనే చెప్పేది. కాబట్టి ఆ తప్పును వైశాల్యం పట్టించదు. దాన్ని పట్టుకోవాలంటే చిన్న త్రిభుజంలో చూడాలి: 9² + 12² = 225, అంటే 9 పక్కనున్న భుజం 15 మాత్రమే. చిన్న ముక్క పక్కన ఎప్పుడూ చిన్న భుజమే ఉంటుందని గుర్తుంచుకున్నా సరిపోతుంది.

పరీక్షల్లో ఇదే త్రిభుజాన్ని తిప్పి అడిగే రకం ఒకటుంది. ఒక భుజం 15, దానికి దూరంగా ఉన్న ముక్క 16, వైశాల్యం ఎంత? 15² = 16 × c అని రాసేస్తే c = 14.06 వస్తుంది. ఇది తప్పని చెప్పడానికి బొమ్మ కూడా అక్కర్లేదు, ముక్క 16 ఉండగా మొత్తం కర్ణం 14 ఎలా అవుతుంది? సరైన దారి దగ్గరి ముక్కను p అనుకోవడం. p(p + 16) = 225, (p + 25)(p − 9) = 0, p = 9. ఇక h² = 144, మిగతాది మామూలే.

చిన్న త్రిభుజాల వైశాల్యాలు అడిగినప్పుడు ఇంకో తికమక వస్తుంది. ముక్కల నిష్పత్తి 9 : 16 కదా, సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి భుజాల నిష్పత్తి వర్గం కదా అని 81 : 256 రాస్తారు. ఇందులో తప్పేమిటంటే 9, 16 అనురూప భుజాలు కావు. ఎడమ త్రిభుజంలో 9 కి జోడీ కుడి త్రిభుజంలో 12. అనురూప భుజాల నిష్పత్తి 9 : 12, అంటే 3 : 4, దాని వర్గం 9 : 16. రెండింటికీ ఎత్తు 12 ఒకటే కాబట్టి వైశాల్యాలు భూముల నిష్పత్తిలోనే ఉంటాయని నేరుగా కూడా చెప్పొచ్చు: ½ × 9 × 12 = 54, ½ × 16 × 12 = 96, మొత్తం 150.

h² = pq ఎక్కడ చెల్లదో కూడా తెలిసుండాలి. అది లంబకోణ శీర్షం నుంచి కర్ణం మీదికి దించిన లంబానికి మాత్రమే. మన పాత గణితంలో ఇలా లంబం భూమిని చేసే రెండు ముక్కలను ఆబాధలు అంటారు. భాస్కరాచార్యుడి లీలావతిలో భూమి 14, భుజాలు 13, 15 ఉన్న త్రిభుజం ఒకటి వస్తుంది. అంకెలను నేరుగా చెప్పకుండా పద్నాలుగుకు మనువులు, పదిహేనుకు తిథులు అంటాడాయన. దాని ఆబాధలు 5, 9, లంబం 12, వైశాల్యం 84. మీ త్రిభుజం లోని 9, 12, 15 ముక్కే అక్కడా ఉంది. దానికి 12, 16, 20 ని అతికిస్తే మీ లెక్క, 5, 12, 13 ని అతికిస్తే లీలావతి లెక్క. అక్కడ pq = 45, h² = 144, సమానం కావు, ఎందుకంటే పై కోణం లంబకోణం కాదు. దీన్ని పరీక్షగా కూడా వాడుకోవచ్చు. లంబ పాదం భూమి మీద రెండు కొనల మధ్య పడినప్పుడు h² = pq అయితే పై కోణం 90°, h² ఎక్కువైతే అల్పకోణం, తక్కువైతే అధిక కోణం. అర్ధవృత్తం బొమ్మలో చూస్తే శీర్షం చాపం మీద ఉందా, బయట ఉందా, లోపల ఉందా అన్నదే తేడా.

అంకెలు ఇంత చక్కగా కలవని లెక్కల్లో వర్గమూలాన్ని చివరిదాకా అలాగే ఉంచండి. ముక్కలు 2, 5 అయితే h = √10, వైశాల్యం ½ × 7 × √10 = 3.5√10, సుమారు 11.07. మధ్యలోనే √10 ని 3.2 అని రాసేస్తే 11.2 అవుతుంది, 3.1 అంటే 10.85. భుజాలు ఇచ్చిన లెక్కలోనైతే మూలం జోలికే పోనక్కర్లేదు. భుజాలు 5, 7 అనుకోండి, కర్ణం √74, లంబం 35/√74, ఈ రెంటినీ గుణిస్తే మూలాలు కొట్టుకుపోయి 35 మిగులుతుంది, వైశాల్యం సరిగ్గా 17.5. లంబాన్ని దశాంశాల్లోకి మార్చి మళ్లీ కర్ణంతో గుణించినవాళ్లకు 17.49 లాంటిది వస్తుంది, ఆ తేడా త్రిభుజంలోది కాదు, గుండ్రించడంలోది.

మీ మొదటి లెక్కను గీసి చూసుకోవాలంటే 25 సెం.మీ. నోటుబుక్కులో అడ్డంగా పట్టదు, సగం కొలతల్లో గీయండి. 12.5 సెం.మీ. గీత, ఎడమ కొన నుంచి 4.5 దగ్గర చుక్క, అక్కడ మూలమట్టం ఆనించి 6 సెం.మీ. లంబం, పై కొనను రెండు కొనలకూ కలపండి. భుజాలు 7.5, 10 రావాలి, పై కోణం దగ్గర మూలమట్టం మూల కచ్చితంగా ఒదగాలి. ఒదగకపోతే లంబం వంకరగా లేచిందేమో, 4.5 ని స్కేలు అంచు నుంచి కాక సున్నా గీత నుంచి కొలిచారో లేదో చూడండి. ఈ బొమ్మ వైశాల్యం ½ × 12.5 × 6 = 37.5 వస్తుంది. అది 150 లో సగం కాదు, నాలుగో వంతు, కొలతలు సగమైతే వైశాల్యం పావు అవుతుంది కాబట్టి.